ఐదు కొటేషన్ల పేరాను ఒక్క కొటేషన్‌కు తేవడం ఎలా: అంబేడ్కర్ ప్రసంగంతో ఒక సాధన

ఎంఏ, పరిశోధక విద్యార్థుల వ్యాసాలు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా ఎదురయ్యే పేరా ఒకటుంది. మొదటి వాక్యంలో ఒక పెద్దమనిషి పేరు ఉంటుంది. ఆ తర్వాత కొటేషన్, "ఇంకా ఇలా అన్నారు", మళ్లీ కొటేషన్, "చివరగా" అని ఇంకో కొటేషన్. రాసినవాళ్ల మాట వెతికితే చివర్లో ఒకే ఒక వాక్యం దొరుకుతుంది, అది కూడా ఎవరి గురించైనా చెప్పదగ్గ వాక్యం. ఇలాంటి పేరాను సొంత మాటల్లోకి మార్చి, ఒక చిన్న కొటేషన్ మాత్రం ఉంచి, ఆధారం సరిగ్గా చూపించడం ఎలాగో ఒక్క ఉదాహరణ పట్టుకుని చివరిదాకా చేసి చూపిస్తాను.

ఉదాహరణ రాజ్యాంగ సభలో 1949 నవంబర్ 25న డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ చేసిన ప్రసంగం. మర్నాడు, అంటే నవంబర్ 26న, సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆయన మాట్లాడింది ఇంగ్లిష్‌లో, మనం రాసేది తెలుగులో. తెలుగులో పరిశోధన రాసేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు సరిగ్గా ఈ మలుపులోనే జరుగుతుంది.

మనకు వచ్చిన పేరా

> అంబేడ్కర్ రాజ్యాంగ సభలో ఇలా అన్నారు: "1950 జనవరి 26న మనం వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెట్టబోతున్నాం." ఆయన ఇంకా ఇలా అన్నారు: "రాజకీయాల్లో మనకు సమానత్వం ఉంటుంది, సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత ఉంటుంది." దీన్ని వివరిస్తూ "రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒక విలువ అన్న సూత్రాన్ని గుర్తిస్తాం. మన సామాజిక, ఆర్థిక నిర్మాణం కారణంగా, సామాజిక, ఆర్థిక జీవితంలో ఒక మనిషికి ఒక విలువ అన్న సూత్రాన్ని నిరాకరిస్తూనే ఉంటాం" అన్నారు. "ఈ వైరుధ్యాల జీవితాన్ని ఎంతకాలం కొనసాగిస్తాం?" అని అడిగారు. చివరగా "ఈ వైరుధ్యాన్ని వీలైనంత త్వరగా తొలగించాలి, లేకపోతే అసమానతతో బాధపడేవారు ఈ సభ ఇంత శ్రమపడి నిర్మించిన రాజకీయ ప్రజాస్వామ్య కట్టడాన్ని పేల్చివేస్తారు" అని హెచ్చరించారు. దీన్నిబట్టి అంబేడ్కర్ సమానత్వానికి ఎంత ప్రాధాన్యం ఇచ్చారో తెలుస్తోంది.

ఐదు కొటేషన్లు ఉన్నాయి. ఎక్కడినుంచి తీసుకున్నారో లేదు, ఎవరు అనువదించారో లేదు. చివరి వాక్యం ఈ ప్రసంగం చదవకపోయినా రాయొచ్చు.

మొదటి మెట్టు: మూలం దగ్గరికి వెళ్లడం

పేరాలో ఉన్న కొటేషన్లనే ముందు పెట్టుకుని సొంత మాటల్లోకి మార్చకండి. వాటి మధ్య ఏమి వదిలేశారో ఈ పేరా చెప్పదు. అసలు ప్రసంగం తెరిచి, కనీసం ఆ భాగానికి ముందు ఒక పేరా, తర్వాత ఒక పేరా చదవాలి.

ఇక్కడ అలా చదివితే రెండు విషయాలు బయటపడతాయి. ఒకటి, దీనికి కాస్త ముందే అంబేడ్కర్ సామాజిక ప్రజాస్వామ్యం పునాదిగా లేకపోతే రాజకీయ ప్రజాస్వామ్యం నిలవదంటారు. భారత సమాజంలో రెండు విషయాలు పూర్తిగా లోపించాయని, వాటిలో ఒకటి సమానత్వమని చెబుతారు. రెండోది సౌభ్రాతృత్వం. దాని గురించి ఈ భాగం అయ్యాక మాట్లాడతారు. అంటే మన ముందున్న భాగం ఒక పెద్ద వాదంలో సగం. మన పేరా దాన్ని ప్రసంగం మొత్తం సారాంశంలా చూపించకూడదు.

రెండోది, నాలుగో కొటేషన్‌కూ ఐదో కొటేషన్‌కూ మధ్య రెండు వాక్యాలు మాయమయ్యాయి. మొదటిది, సమానత్వాన్ని ఎంతకాలం నిరాకరిస్తామన్న ఇంకో ప్రశ్న. సమానత్వాన్ని చాలాకాలం నిరాకరిస్తూ పోతే, రాజకీయ ప్రజాస్వామ్యాన్ని ప్రమాదంలో పెట్టుకుంటూ మాత్రమే అలా చేయగలమని ఆయన రెండో వాక్యంలో అంటారు. ఆ వాక్యం తీసేసరికి ప్రశ్న నుంచి నేరుగా పేల్చివేత మీదికి దూకినట్టయింది. మూలంలో ఆ మెట్టు ఉంది.

రెండో మెట్టు: ఏ వాక్యం ఏ పని చేస్తోందో రాసుకోవడం

సొంత మాటలు మొదలుపెట్టకముందే ఒక చిత్తుకాగితం మీద మూలంలోని ఒక్కో వాక్యానికి ఎదురుగా దాని పని రాసుకోండి. వాక్యం ఏమి చెబుతోందో కాదు, ఏమి చేస్తోందో. ఇక్కడ నేను రాసుకున్నది ఇది: పేరు పెట్టడం. రెండు పక్కల తేడా చూపడం. ఆ తేడాను ఓటు లెక్కతో వివరించి కారణం చెప్పడం. వెంటవెంటనే రెండు ప్రశ్నలు. షరతుతో కూడిన ప్రమాదం. చేయాల్సిన పని, చేయకపోతే జరిగేది.

దాని కిందే, మార్చకూడని ఎముకలు వేరుగా రాసుకోవాలి. ఈ భాగంలో అవి ఐదు. తేదీ, 1950 జనవరి 26. కారణం, "మన సామాజిక, ఆర్థిక నిర్మాణం". మనుషుల దుర్బుద్ధి కాదు. షరతు, చాలాకాలం నిరాకరిస్తే. కర్త, అసమానతతో బాధపడేవారు. కూలేది, రాజకీయ ప్రజాస్వామ్య కట్టడం.

చివరిదాన్ని కాస్త గట్టిగా పట్టుకోవాలి. ఈ భాగాన్ని సొంత మాటల్లో చెప్పినవాళ్లు చాలామంది "రాజ్యాంగాన్ని పేల్చివేస్తారని అంబేడ్కర్ అన్నారు" అని రాస్తారు. ఆయన అన్నది రాజ్యాంగాన్ని అని కాదు. మాట్లాడుతున్నది రాజ్యాంగ సభలో కాబట్టి ఆ మాట దానంతటదే చేతికి వచ్చేస్తుంది. ఇలాంటి జారుడు పట్టుబడాలంటే ఎముకల జాబితా ముందే ఉండాలి.

మూడో మెట్టు: మూలం మూసేసి రాయడం

ఇప్పుడు ప్రసంగం మూసేయండి. చిత్తుకాగితం మాత్రం ఎదురుగా ఉంచుకుని, ఆ విషయం తెలియని స్నేహితుడికి చెబుతున్నట్టు రాయండి.

మూలం పక్కన పెట్టుకుని రాస్తే ఏమవుతుందో చూడండి: "1950 జనవరి 26వ తేదీన మనం పరస్పర విరుద్ధమైన బతుకులోకి ప్రవేశించనున్నాం. రాజకీయ రంగంలో సమానత, సాంఘిక, ఆర్థిక రంగాల్లో అసమానత ఉండనున్నాయి." వాక్యం ఎముక మూలంలోనిదే, పైన తోలు మార్చారు. జీవితానికి బతుకు, అడుగుపెట్టడానికి ప్రవేశించడం. పర్యాయపదాలు పెట్టి కొటేషన్ గుర్తులు తీసేస్తే అది పారాఫ్రేజ్ కాదు. కొటేషన్ గుర్తులు లేని కొటేషన్, అంటే గ్రంథచౌర్యం కిందికే వస్తుంది.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. ఇంగ్లిష్ వాక్యాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ప్రతి మాటా మనమే వెతుక్కుంటాం, కష్టపడతాం, అందుకని అది మన సొంత వాక్యమే అనిపిస్తుంది. కొటేషన్ గుర్తులు తీసేసి కింద ఆధారం ఇస్తే సరిపోతుందనుకుంటాం. అనువాదం పారాఫ్రేజ్ కాదు. వాక్యాల వరుస, పోలిక, మలుపు అన్నీ మూలకర్తవే, మారింది భాష ఒక్కటే. ఒక విద్యార్థిని ఈ మాటకు నొచ్చుకుని, "సార్, ఒక్క ఇంగ్లిష్ పదం కూడా లేదు కదా" అంది. ఆ అమ్మాయి రాసిన పేజీని, మూలాన్ని పక్కపక్కన పెట్టి వాక్యాలకు అంకెలు వేసి చూపించాను. ఏడుకు ఏడు అదే వరుసలో ఉన్నాయి. మీరూ ఆ పరీక్షే చేసుకోండి. అంకెలు వరుసగా కలిశాయంటే రాసింది అనువాదమే. దాన్ని కొటేషన్‌గానైనా చూపాలి, మూలం మూసి మళ్లీ అయినా రాయాలి.

మూలం మూసి రాసిన నా మొదటి చిత్తు ఇది:

> ఓటు దగ్గర పౌరులందరి విలువా ఒకటే అవుతుంది. ఓటు బయటి బతుకులో మాత్రం ఆ సమాన విలువ దక్కకుండానే ఉంటుంది. ఇది ఎన్నాళ్లో సాగదు. ప్రజాస్వామ్యానికి ముప్పు వస్తుంది, అసమానతకు గురైనవాళ్లే దాన్ని పడగొడతారు.

వాక్యాలు నావే, కానీ అర్థం నాలుగు చోట్ల జారింది. జాబితాతో పోల్చి చూస్తే తెలిసింది.

కారణం పోయింది. సమాజం, ఆర్థిక వ్యవస్థ ఉన్న తీరు వల్ల అని మూలంలో ఉంది, నా చిత్తులో లేదు. ప్రశ్న జవాబుగా మారింది. ఆయన "ఎంతకాలం?" అని అడిగారు, నేను "ఎన్నాళ్లో సాగదు" అని ఆయన తరఫున తేల్చేశాను. మూడోది, "ముప్పు వస్తుంది" అనేసరికి ఆ ముప్పు ఎక్కడినుంచో వాన వచ్చినట్టు వస్తుంది. మూలంలో దాన్ని తెచ్చిపెట్టేది మనమే, అదీ చాలాకాలం నిరాకరిస్తే. నాలుగోది చాలా చిన్నది, ఒక్క "ఏ". "గురైనవాళ్లే" అంటే ఇంకెవరూ కాదు, వాళ్లు మాత్రమే అని. ఆ పట్టింపు మూలంలో లేదు. తెలుగులో ఏ, కూడా, మాత్రం, కదా లాంటివి మనకు తెలియకుండానే చేతిలోంచి రాలిపడతాయి. చిత్తు పూర్తయ్యాక వీటినొక్కటే వెతుకుతూ ఒకసారి చదవడం అలవాటు చేసుకున్నాను.

నాలుగో మెట్టు: ఉంచాల్సిన ఒక్క కొటేషన్ ఏది

అందరి చూపూ ముందు పేల్చివేత వాక్యం మీదికి పోతుంది. పదునుగా ఉంటుంది కాబట్టి. నేను దాన్ని ఎంచుకోను. ఆ వాక్యం బలమంతా ముందున్న "లేకపోతే" మీద నిలబడి ఉంది. షరతుతో సహా తెస్తే కొటేషన్ పొడవవుతుంది, షరతు వదిలేసి తెస్తే హెచ్చరిక బెదిరింపులా కనిపిస్తుంది. షరతులున్న వాక్యాలను సొంత మాటల్లో చెప్పడమే భద్రం, అప్పుడు షరతుకు కావలసినంత చోటు ఇవ్వొచ్చు.

ఎంచుకోవడానికి నేను ఒక ప్రశ్న వేసుకుంటాను: ఈ మాట తీసేసి నా మాట పెడితే పాఠకుడు ఏమి పోగొట్టుకుంటాడు? "రాజకీయాల్లో సమానత్వం ఉంటుంది" అన్నదాన్ని ఎవరైనా ఎలాగైనా చెప్పొచ్చు, పోయేదేమీ లేదు. "వైరుధ్యాల జీవితం" అలా కాదు. ఒక స్థితికి ఆయన పెట్టిన పేరు అది, ప్రసంగంలో మళ్లీ ప్రశ్నలోనూ వాడారు. నేను దాన్ని "ద్వంద్వ పరిస్థితి" అని మారిస్తే ఆయన పెట్టిన పేరు చెరిపేసి నా పేరు పెట్టినట్టు. కాబట్టి ఆ రెండు మాటలు ఉంచుతాను.

రెండే మాటలా అనిపించొచ్చు. మిగతా పేరా ఆయన వాదాన్ని నమ్మకంగా మోస్తున్నప్పుడు రెండు మాటలు చాలు.

ఐదో మెట్టు: కొటేషన్‌ను తెలుగు వాక్యంలో కూర్చోబెట్టడం

ఇక్కడ మన వ్యాకరణం అడ్డుపడుతుంది. విభక్తి తగిలితే పదం రూపమే మారిపోతుంది. "జీవితం" ద్వితీయలోకి వెళ్తే "జీవితాన్ని" అవుతుంది. కొటేషన్ గుర్తుల్లోపల "వైరుధ్యాల జీవితాన్ని" అని పెడితే ఆ రూపం మన వాక్యానికి కావలసింది, ఉటంకించిన పదబంధం కాదు. గుర్తుల బయట "ని" తగిలించి "వైరుధ్యాల జీవితం"ని అంటే చదవడానికి ఇబ్బంది. నేను చేసేది ఏంటంటే, కొటేషన్ తర్వాత "అని", "అన్న", "అనే" వచ్చేలా వాక్యం అల్లుకుంటాను. అప్పుడు లోపలి మాటకు ఏ విభక్తీ తగలదు: "వైరుధ్యాల జీవితం" అని పేరు పెట్టారు.

ఇంకో ఇబ్బంది కూడా మన వాక్యక్రమానిదే. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి "అన్నారు" కూడా చివర్లోనే వస్తుంది. మూడు వాక్యాలు సొంత మాటల్లో చెప్పి మూడో దాని చివర "అని హెచ్చరించారు" అంటే, మొదటి రెండు ఎవరి అభిప్రాయమో పాఠకుడికి తెలియదు. నావే అనుకోవచ్చు. అందుకే పారాఫ్రేజ్ ఎక్కడ మొదలైందో అక్కడే మూలకర్తను పిలవాలి: "ఆయన చెప్పిన ప్రకారం", "అంబేడ్కర్ దృష్టిలో". ముగిసే చోట ఆధారం పెట్టాలి. ఆ రెండు మేకుల మధ్య ఉన్నదంతా ఆయనది, తర్వాత ఉన్నది నాది.

మూలంలోని "మనం" సంగతి కూడా చూసుకోవాలి. కొటేషన్ గుర్తులు తీసేశాక "మనం" ఉంచితే, ఈ వ్యాసం రాస్తున్న నేనూ చదువుతున్న మీరూ అందులో చేరిపోతాం. ఆయన "మనం" 1949లో ఆ సభ, ఆ దేశం. "దేశం" అనో "సభ" అనో మార్చాలి.

ఆరో మెట్టు: ఆధారం

సొంత మాటల్లో చెప్పినంత మాత్రాన ఆధారం అక్కర్లేదనుకునేవాళ్లు ఉన్నారు. మాట నాదైనా ఆలోచన ఆయనది, కాబట్టి కొటేషన్‌కూ పారాఫ్రేజ్‌కూ రెండింటికీ ఆధారం ఉండాలి. పేజీ సంఖ్య దగ్గర ఆధారాలు చూపే శైలులు కాస్త వేరు. ఏపీఏ శైలిలో కొటేషన్‌కు పేజీ తప్పనిసరి, పారాఫ్రేజ్‌కు ఐచ్ఛికం. ఎంఎల్‌ఏ శైలిలో పేజీలున్న మూలమైతే రెండింటికీ ఇస్తారు. మీ విభాగం ఏది అడిగితే అది పాటించండి. ఏదీ అడగకపోతే రెండింటికీ ఇవ్వడమే మేలు, సరిచూసేవాళ్లకు పని తగ్గుతుంది.

ఈ ప్రసంగానికి అసలు మూలం రాజ్యాంగ సభ చర్చల 11వ సంపుటం. లోక్‌సభ సచివాలయం ముద్రణలో ఈ భాగం 979వ పేజీలో ఉంటుంది. మీరు పేజీ సంఖ్యలు లేని ప్రతి చదివితే, ఇంకెవరి వ్యాసంలోంచో పేజీ సంఖ్య తెచ్చి అతికించకండి. సంపుటం, తేదీ, వక్త పేరు ఇవ్వండి చాలు. మొత్తం సంపుటం చూడకుండా ఇంకో పుస్తకంలో ఉన్న ఉటంకింపు మాత్రమే చూసి ఉంటే, ఆ పుస్తకం పేరే చెప్పి "అందులో ఉటంకించినట్టు" అని రాయాలి.

అనువాదం ఎవరిదో కూడా ఆధారంలో భాగమే. అంబేడ్కర్ "వైరుధ్యాల జీవితం" అన్న రెండు తెలుగు మాటలు పలకలేదు. కొటేషన్ గుర్తులు పెడుతున్నామంటే "అనువాదం నాది" అని ఒక్కసారైనా చెప్పాలి. అచ్చయిన అనువాదం వాడితే ఆ అనువాదకుల పేరు ఇవ్వాలి. పూర్ణవిరామం బ్రాకెట్ తర్వాత వస్తుంది, కొటేషన్ గుర్తు లోపల కాదు.

మారిన పేరా

> రాజ్యాంగం అమల్లోకి వచ్చే 1950 జనవరి 26 నుంచి దేశం గడపబోయే స్థితికి అంబేడ్కర్ "వైరుధ్యాల జీవితం" అని పేరు పెట్టారు (రాజ్యాంగ సభ చర్చలు, సం. 11, 25 నవంబర్ 1949, పు. 979, అనువాదం నాది). ఆయన చెప్పిన ప్రకారం, ఓటు దగ్గర పౌరులందరి విలువా ఒకటవుతుంది. సమాజమూ ఆర్థిక వ్యవస్థా ఉన్న తీరు వల్ల, ఓటు బయటి బతుకులో మనుషులకు ఆ సమాన విలువ దక్కకుండా పోతూనే ఉంటుంది. దీన్ని ఎన్నాళ్లు సాగనిస్తారని ఆయన సభను అడిగారు. దీర్ఘకాలం సాగనిస్తే దేశం తన రాజకీయ ప్రజాస్వామ్యాన్ని తానే ప్రమాదంలోకి నెట్టుకుంటుందనీ, ఈ తేడాను వీలైనంత తొందరగా తీసేయకపోతే అసమానతతో బాధపడేవాళ్లు సభ కష్టపడి నిలబెట్టిన ఆ ప్రజాస్వామ్య కట్టడాన్ని కూల్చేస్తారనీ హెచ్చరించారు (పు. 979). వయోజన ఓటుహక్కు ఒక్కటి చూసి ప్రజాస్వామ్యం పూర్తయిందనుకోవడానికి ఈ హెచ్చరిక ఒప్పుకోదు.

చివరి వాక్యం రాసినవాళ్లది. పాత పేరాలో చివరి వాక్యం అంబేడ్కర్‌ను మెచ్చుకుంది, ఇది ఒక విషయం వాదిస్తోంది. కొటేషన్లు తగ్గించాక ఈ వాక్యానికి చోటు దొరికింది, దీన్ని ఒప్పుకోనివాళ్లు ఎదురు వాదించే వీలూ వచ్చింది.

చివరి పరీక్ష

కొత్త పేరాను ప్రసంగం చదవని ఒకరికి ఇవ్వండి. పేరా తిరిగి తీసుకుని, మూడు ప్రశ్నలు అడగండి: ఈ అసమానతకు అంబేడ్కర్ చెప్పిన కారణం ఏంటి? కూలిపోయేది ఏది? అది తప్పకుండా కూలుతుందన్నారా? "ఉన్న నిర్మాణం వల్ల", "రాజకీయ ప్రజాస్వామ్యం", "లేదు, సరిచేయకపోతే" అన్న జవాబులు వస్తే అర్థం నిలిచింది. మూడో ప్రశ్నకు "అవునన్నారు" అని వస్తే పేరాలో షరతు బలహీనంగా ఉందని లెక్క, ఆ వాక్యం మళ్లీ రాయాలి. నేను ఈ పేరా ఇంట్లోవాళ్లకు ఇచ్చినప్పుడు మొదట "కూలేది రాజ్యాంగం" అన్న జవాబు వచ్చింది. అప్పటికి నా చిత్తులో "సభ కష్టపడి నిలబెట్టిన కట్టడాన్ని" అని మాత్రమే ఉంది, "ఆ ప్రజాస్వామ్య" అన్న మాట తర్వాత చేర్చాను.

ఈ పద్ధతి పనికిరాని చోటు కూడా ఒకటి చెప్పాలి. మీ పేరా మాటల మీదే చర్చ చేస్తుంటే, అంటే ఒక చట్టంలోని నిబంధనలో ఏ పదం వాడారు, ఒక పద్యపాదంలో ఆ పదమే ఎందుకు పడింది అని రాస్తుంటే, కొటేషన్లు తగ్గించకండి. అక్కడ మూలంలోని మాటే సాక్ష్యం, దాన్ని సొంత మాటల్లోకి మారిస్తే చర్చించడానికి ఏమీ మిగలదు. అప్పుడు చేయాల్సింది ఒక్కో కొటేషన్ తర్వాత ఆ మాట గురించి మీరు చెప్పేది కనీసం రెండు వాక్యాలు ఉండేలా చూసుకోవడం.